కేకు కోసేదాకా ఆగమన్న మనిషి

నా మనవరాలు కడుపుతో ఉన్న సంగతి నాకు ఐదో నెల వస్తుండగా తెలిసింది. అదీ తను చెప్పగా కాదు. వీడియో ఫోన్లో దాని వాలకం చూసి నేనే అడిగాను. ఇంగ్లండులో వాళ్ళ ఆడపడుచు వంటింట్లో ఫోను గోడకి ఆనించి, చేప ముక్కలు వేయిస్తూ మాట్లాడుతోంది. చేపలంటే ప్రాణం పెట్టే పిల్ల, చున్నీ ముక్కుకి అడ్డం కట్టుకుని, మొహం పక్కకి తిప్పి పెనం మీద ముక్క తిప్పుతోంది.

"ఎన్నో నెలే?" అన్నాను.

గరిటె ఆగింది. "నాలుగు నిండేయి అమ్మమ్మా."

"డాక్టరు ఏమన్నాడు?"

"ఇంకా ఎల్లలేదు. వదినగారు ఇప్పుడే వద్దన్నారు."

ఆ 'వదినగారు' మీద నాకు పగ పుట్టిన రోజు అది. ఇప్పటికీ ఉంది. తగ్గిందని ఎవరైనా అంటే నమ్మకండి.

ఆ పిల్లని పెంచింది నేను. దాని తల్లి, అంటే నా కూతురు, కువైట్లో ఒకరి ఇంట్లో పనిచేస్తోంది. శుక్రవారం సెలవునాడు ఫోన్ చేస్తుంది. వాళ్ళు వదిలినప్పుడే రావాలి, వాళ్ళకి ఇష్టమైనన్ని రోజులే ఉండాలి. పిల్లకి ఇంటర్ అయ్యాక అల్లవరం వైపు సంబంధం చేశాం. అబ్బాయి నెమ్మదస్తుడు. వాళ్ళ అక్క చాలా ఏళ్ళ క్రితమే ఇంగ్లండు వెళ్ళి స్థిరపడింది. తమ్ముడికి అక్కడే వృద్ధుల ఆశ్రమంలో పని చూపించి పిలిపించుకుంది. అతని వీసా మీద మా పిల్ల వెళ్ళింది. వాళ్ళుండే ఊరు లండన్ కాదు, అక్కణ్ణించి రైల్లో పోవాలిట. మా చర్చిలో మాత్రం అందరికీ అది లండనే.

ఇద్దరూ అక్కగారి ఇంట్లోనే మేడ మీద చిన్న గదిలో ఉన్నారు. ఆ గది తాళం చెవి మాత్రం అక్కగారి దగ్గరే ఉంటుంది. అద్దె తీసుకోవడం లేదని అక్కగారు అందరికీ చెప్పుకుంది. అద్దె ఎందుకు? వంట మా పిల్ల, బట్టలు మా పిల్ల, ఆవిడ ఇద్దరు పిల్లల్ని బడికి దిగబెట్టి తీసుకురావడం మా పిల్ల. మనిషిని పెట్టుకుంటే జీతం ఇవ్వాలి, మరదల్ని పెట్టుకుంటే పేరొస్తుంది.

మూడో నెల దాటేదాకా కడుపు సంగతి బయటికి చెప్పకపోవడం మా వైపు అలవాటే. ప్రార్థన చేసుకునే ఇళ్ళలోనూ దిష్టి భయం పోలేదు. నేనూ చెప్పలేదు నా రోజుల్లో. కానీ చెప్పకపోవడం ఇరుగుపొరుగుకి. డాక్టరుకి చెప్పకపోవడం ఎక్కడా లేదు. కడుపు మీద చెయ్యి వేసి చూసేవాళ్ళ కన్ను దిష్టి కాదు. అక్కగారు ఆ అలవాటునే సాగదీసి, ఐదో నెల దాకా ఎవరికీ, ఏ నర్సుకీ, చివరికి నాకూ చెప్పొద్దని మరదలికి నూరిపోసింది.

అది చాలదన్నట్టు మూడు భయాలు పెట్టింది. ఆసుపత్రిలో పేరు రాయిస్తే కాన్పుకి లక్షల్లో బిల్లు వేస్తారట. ఇంటి కరెంటు బిల్లు మీ పేరు మీద ఉంటేగాని డాక్టరు చేర్చుకోడట, ఆ బిల్లు ఆవిడ పేరు మీద ఉంది, ఇవ్వదు. కడుపు అని తెలిస్తే పని ఇచ్చిన యజమాని వీసా తీసేస్తాడట. మా పిల్లకి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఊరు కొత్త. మొగుడు అక్క మాట జవదాటడు. ఇంకేం చేస్తుంది, చేప ముక్కలు వేయించింది.

మా రెండు ఊళ్ళకీ చర్చి ఒకటే. అదే వారం స్త్రీల కూడికలో ఆ అబ్బాయి తల్లి, అంటే మనవరాలి అత్తగారు, లేచి సాక్ష్యం చెప్పింది. "మా అమ్మాయి లండన్లో మరదల్ని కన్నతల్లిలాగ చూసుకుంటోందండి. కాలు కింద పెట్టనివ్వట్లేదండి. దేవునికి స్తోత్రం" అని. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను. నోరు స్తోత్రం అంటోంది గాని, చేతిలో ఉన్న పాటల పుస్తకం అట్ట వంగిపోయింది.

అప్పుడే లేచి కడిగేసేదాన్ని. కానీ ముందు రోజే పిల్ల నాతో ఒట్టు వేయించుకుంది. "అమ్మమ్మా, నువ్వక్కడ ఒక మాటంటే, నాకిక్కడ పది తగుల్తాయి. నేను వీళ్ళింట్లో ఉన్నాను" అంది. నిజమే. శత్రువు ఇంట్లో మన పిల్ల ఉన్నప్పుడు పళ్ళు నూరుకోవాలి గాని కొరక్కూడదు. ముందు కడుపులో బిడ్డ క్షేమంగా బయటపడాలి. పగకి తొందరేం లేదు, అది పురుగు పట్టే సరుకు కాదు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి అంబాజీపేట వెళ్ళాను. మా చెట్ల కాయలు కొనే కొబ్బరి వ్యాపారి భార్యకీ నాకూ ఏనాడూ పడలేదు. గంపకి రెండు కాయలు కొసరు వేస్తేగాని దింపనివ్వదు ఆవిడ, వేస్తేగా నేను. కానీ వాళ్ళ పెద్దమ్మాయి ఇంగ్లండులోనే ఉంటుందనీ, కిందటేడు అక్కడే కాన్పు అయిందనీ నాకు తెలుసు. లారీకి కాయలు ఎక్కిస్తుంటే గుమ్మంలో కూర్చుని ఉంది.

"ఏటండీ ఇలా వచ్చేరు? కాయలు వచ్చే నెల కదండీ దింపు" అంది.

"కాయల కోసం కాదండి. మీ అమ్మాయితో ఒక్క మాట మాట్లాడించాలి."

"మా అమ్మాయితో మీకేం పనండీ?"

చెప్పాను. అంతా కాదు, సగం. మిగతా సగం నా మొహంలోనే చదువుకుంది. లోపలికి తీసుకెళ్ళి మంచం మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, కూతురికి ఫోన్ కలిపి స్పీకరు పెట్టింది. పడని మనుషులు కూడా కాన్పు మాట దగ్గర కలుస్తారు, అది ఆడవాళ్ళ గుణం.

ఆ అమ్మాయి గొంతు గలగలా ఉంది. "అమ్మమ్మగారూ, ఆ మూడూ అబద్ధాలండి. వీసా మీద ఉంటున్నోళ్ళకి ఇక్కడ కాన్పుకి బిల్లు వెయ్యరండి. చూడ్డానికని విజిట్ వీసా మీద వచ్చినోళ్ళకే వేస్తారు. డాక్టరు దగ్గర పేరు రాయించుకోడానికి ఇంటి బిల్లు లేదని ఎవరూ వెనక్కి పంపకూడదండి. కడుపుతో ఉందని వీసా తియ్యరు, యజమాని పనిలోంచి తీసినా అది చట్టం ఒప్పుకోదు."

"మరి ఎవర్ని కలవాలి? పెద్ద డాక్టరు చీటీ రాయాలా?"

"అక్కర్లేదండి. దగ్గర్లో ఉన్న ఆసుపత్రి వెబ్‌సైటులో పేరు, పుట్టిన రోజు, ఆఖరిసారి బయటున్న తారీకు రాసి పంపితే చాలు. మిడ్‌వైఫ్‌లే ఫోన్ చేసి పిలుస్తారు. పదో వారం లోపే చూడాల్సింది, ఆలస్యమైంది. తిట్టరు లెండి, ఆలస్యమైనోళ్ళని ఇంకా తొందరగా పిలుస్తారు."

"మిడ్‌వైఫ్ అంటే మంత్రసానేగా? డాక్టరు చూడడా?"

ఆ అమ్మాయి నవ్వింది. "అన్నీ బాగుంటే డాక్టరు మొహం కూడా చూడమండి మేము. మిడ్‌వైఫే చూస్తది, మిడ్‌వైఫే పురుడు పోస్తది. ఏదైనా తేడా ఉంటేనే డాక్టరు."

నాకు నచ్చలేదు. మా అమలాపురంలో ప్రతి నెలా డాక్టరమ్మ దగ్గర వరసలో కూర్చోబెట్టి, ప్రతిసారీ స్కాను తీస్తారు. చదువుకున్న మంత్రసానుల దేశమేమిటి అనుకున్నాను. కానీ నాకు నచ్చడం కోసం ఎవరూ దేశాలు నడపరు.

"అక్కగారు ఇంట్లో లేనప్పుడు మా పిల్లకి ఫోన్ చేసి ఆ రాసేది దగ్గరుండి రాయించమ్మా" అన్నాను. లేచేటప్పుడు వ్యాపారి భార్యతో, "ఈసారి గంపకి రెండు కొసరు వేస్తాలెండి" అన్నాను. అంతకన్నా పెద్ద కృతజ్ఞత నా నోటి నుంచి వస్తుందని ఆవిడా అనుకోలేదు. "ఆయ్" అంది, నమ్మకం లేకుండానే.

మా పిల్ల రాసి పంపిన మూడో రోజుకే పిలుపు వచ్చింది. మందు షాపు పక్కన చిన్న క్లినిక్కులో మొదటి కలయిక. ఎక్కడ తెలిసిందో అక్కగారికి తెలిసిపోయింది. మొగుడు చెప్పి ఉంటాడు, దాచుకునే కడుపు కాదతనిది. ఆవిడ కోటు తొడుక్కుని తయారైపోయింది. "నీకు ఇంగ్లీషు రాదు, నేనొచ్చి చెప్తాను" అని కారెక్కించింది.

అక్కడ జరిగింది పిల్ల నాకు చెప్పిన మాటల్లోనే రాస్తాను, అది చెబుతుంటే నాకు కడుపు నిండింది.

మిడ్‌వైఫ్ పెద్దావిడట, తెల్లజుట్టు. అక్కగారు కుర్చీ లాక్కుని కూర్చోబోతే ఆవిడ చేయెత్తి ఆపిందట. మొదటిసారి తల్లిని ఒంటరిగానే చూస్తాం, మీరు బయట కూర్చోండి అందట. "షి డస్ నాట్ నో ఇంగ్లీష్" అని అక్కగారు అంటే, అందుకే చుట్టాలతో చెప్పించం, మాకు ఫోన్లో దుబాసీ ఉన్నారు అందట. తలుపు వేసేసింది. అక్కగారు ఒంటి మీద కోటుతో వరండాలో, పిల్లల బొమ్మల బుట్ట పక్కన, అరగంట పైన కూర్చుంది. ఆ కుర్చీలు చిన్నపిల్లలవిట, మోకాళ్ళు గడ్డానికి వస్తాయిట. ఇంకా చిన్నవి ఉంటే బాగుండేది.

ఫోన్లో దుబాసీ తెలంగాణా వైపు ఆడమనిషి. "అమ్మా, మీ ఇంట్ల మిమ్మల్ని ఎవరన్న భయపెడ్తున్రా అని అడుగుతున్నరు. ఏం జెప్పినా బయటికి పోదు" అందట. ఈ ప్రశ్న ప్రతి తల్లినీ అడుగుతారట. మా పిల్ల ఏమంది? "లేదండి, అందరూ బాగానే చూస్తారండి" అంది.

"ఎందుకే అలా అన్నావు?" అని నేను గద్దించాను.

"ఆవిడ తలుపవతలే ఉంది అమ్మమ్మా. మళ్ళీ అదే కార్లో ఇంటికెళ్ళాలిగా."

రక్తం తీశారు. గ్రూపు, రక్తం శాతం, అంటువ్యాధులు, పుట్టుకతో వచ్చే రక్తజబ్బులు అన్నీ చూశారు. బిడ్డకి లోపాలేమైనా ఉన్నాయేమో చూడ్డానికి మూడో నెల స్కానుతో కలిపి చేసే పరీక్ష ఒకటి ఉంటుందట, ఆ గడువు దాటిపోయింది. దానికి బదులు రక్తంతో చేసేది ఇంకొకటి ఉంది, కావాలంటే చేస్తాం అన్నారు, ఇది చేయించుకుంది. ఆ గడువు ఎవరి వల్ల దాటిందో నేను మనసులో రాసిపెట్టుకున్నాను. రక్తం బాగా తక్కువ ఉందని ఇనుము మాత్రలు ఇచ్చారు. అక్కడ కడుపుతో ఉన్నవాళ్ళకి మందులు ఊరికే ఇచ్చే కార్డు ఒకటి ఉందిట, పళ్ళ డాక్టరుకి కూడా పనికొస్తుందిట. ఊరికే వచ్చేది వదలకే అని చెప్పి పన్ను కూడా చూపించుకోమన్నాను.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఒక నంబరు. బిడ్డ కదలిక తగ్గినా, రక్తం కనబడినా, కాళ్ళూ మొహం ఉబ్బి తల పగిలిపోతున్నా, ఏ వేళలో అయినా సరే ఆ నంబరుకి చేయాలి, రేపు పొద్దున్న చూద్దాం అనుకోకూడదు అని మిడ్‌వైఫ్ రెండుసార్లు చెప్పిందట. ఆ నంబరు ఫోన్లో మొదటి పేరుగా పెట్టుకోమన్నాను. "నా పేరు కన్నా పైన పెట్టు" అన్నాను.

ఐదో నెల పెద్ద స్కానులో ఆడపిల్లో మగపిల్లాడో అడిగితే చెప్తారు ఆ దేశంలో. మనకిక్కడ చెబితే జైలు. మా పిల్ల అడిగింది, నాకు చెప్పింది. ఆడపిల్ల. "వదినగారికి చెప్పలేదు అమ్మమ్మా, మా అత్తగారికీ చెప్పలేదు" అంది. మంచి పని చేశావన్నాను. అత్తగారు ఆదివారం ఆరాధన అయ్యాక నా పక్కకి చేరి, "మనవడేనంటారా అత్తయ్యగారూ?" అని అడిగేది. "దేవుడికే తెలియాలమ్మా" అనేదాన్ని. దేవుడికీ నాకూ.

వ్యాపారి కూతురు మా పిల్లని వదల్లేదు. వాళ్ళున్నది వేరే ఊరైనా రోజూ ఫోన్ చేసేది. ఆవిడే ఒక మలయాళీ నర్సుని కలిపింది, అదే ఊళ్ళో నాలుగు వీధుల అవతల ఉంటుంది. నర్సుకి తెలుగు రాదు, మా పిల్లకి మలయాళం రాదు, ఇద్దరూ విరిగిన ఇంగ్లీషులో మాట్లాడుకుని నవ్వుకునేవారట. పిల్లల్ని బడిలో దింపి వచ్చే దారిలో ఒక కేంద్రంలో కడుపుతో ఉన్నవాళ్ళకి తరగతి పెడతారట, ఎలా ఊపిరి తీయాలి, ఎప్పుడు ఆసుపత్రికి రావాలి అని. నర్సు దీన్ని అందులో చేర్చింది. అక్కగారికి మాత్రం, బడి దగ్గర వాన తగ్గేదాకా ఆగాను అని చెప్పేది. ఆ దేశంలో వాన ఎప్పుడూ ఉంటుంది కాబట్టి నడిచిపోయింది.

ఎనిమిదో నెల నడుస్తుండగా ఒక ఆదివారం. ఇక్కడ సాయంత్రం, వాళ్ళకి మధ్యాహ్నం. అక్కగారి చిన్నవాడి పుట్టినరోజు. ఇంటినిండా జనానికి బిర్యానీ, మా పిల్లే వండుతోంది. నాకు ఫోన్ వచ్చింది. వెనకాల బుడగలు పేలుతున్న చప్పుడు, పాటలు.

"అమ్మమ్మా, పొద్దుట్నుంచీ కదల్లేదు."

"పొద్దుట్నుంచంటే?"

"లేచింది మొదలు. పనిలో పడి చూసుకోలేదు. ఇప్పుడు కూర్చుని చూస్తే... లేదు."

"మీ వదినకి చెప్పేవా?"

"చెప్పేను. చల్లటి జ్యూసు తాగి కాసేపు పడుకో, కదుల్తుంది, కేకు కోసేక చూద్దాం అన్నారు. ఇప్పుడెళ్తే అందరూ ఏవనుకుంటారు అన్నారు."

ఆవిణ్ణి ఫోన్లోకి పిలవమని నాలిక చివరి దాకా వచ్చింది. ఎన్ని నెలలుగానో దాచుకున్నవన్నీ అక్కడే ఉన్నాయి. మింగేశాను. ఆ అరుపుకి పట్టే సమయం నా మనవరాలిది, దాని బిడ్డది.

"నా ఫోను పెట్టెయ్. పై నంబరుకి చెయ్యి. ఇప్పుడే."

"ఇంగ్లీషులో ఏవని చెప్పాలి?"

"బేబీ, నో మూవ్ అను. చాలు, వాళ్ళకి అర్థమవుద్ది. పొయ్యి కట్టేసి మరీ చెయ్యి."

చేసింది. వెంటనే రమ్మన్నారు. మలయాళీ నర్సుకి ఫోన్ చేస్తే డ్యూటీ లేదు, కారు తీసుకుని వచ్చింది. మా పిల్ల బిర్యానీ వాసనతో, నూనె చేతులతో హాలు మధ్యలోంచి నడిచి బయటికి వచ్చిందట. మొగుడు బుడగలు ఊదుతున్నవాడు ఊదుతున్నట్టే నిలబడి, అక్క మొహం చూసి, దీని మొహం చూసి, చెప్పులు కూడా వేసుకోకుండా కారెక్కాడట. పెళ్ళయ్యాక అతను చేసిన మొదటి పని అది.

నాకిక్కడ చేయడానికేం లేదు. కొబ్బరి ఈనెలు చీల్చుకుంటూ కూర్చున్నాను. ప్రార్థన చేశాను. మధ్యమధ్యలో ప్రార్థన ఆపి అక్కగారిని తిట్టాను. ఏది ఎక్కువ చేశానో అడగొద్దు.

కడుపుకి పట్టీలు కట్టి, బిడ్డ గుండె చప్పుడు వినిపించారు. కొట్టుకుంటోంది. ఆ చప్పుడు మొగుడు ఫోన్లో పట్టుకుని నాకు వినిపించాడు. గుర్రం పరిగెట్టినట్టుంది. అతను ఏడుస్తున్నాడు. "అమ్మమ్మగారూ, వింటున్నారాండీ?" అని మాటిమాటికీ అడిగాడు.

కానీ స్కాను తీస్తే బిడ్డ పెరగాల్సినంత పెరగడం లేదని తేలింది. ఇక నుంచి తరచూ రావాలి, అవసరమైతే ముందే నొప్పులు తెప్పిస్తాం అన్నారు. అప్పుడొచ్చింది డాక్టరు. మొగుణ్ణి కాసేపు బయటికి పంపి, మళ్ళీ ఫోన్లో దుబాసీని పెట్టి, ఇంట్లో సంగతేమిటని మిడ్‌వైఫ్ అడిగింది. ఈసారి తలుపవతల అక్కగారు లేదు. మా పిల్ల చెప్పేసింది, చేపల దగ్గర్నుంచి కేకు దాకా. మిడ్‌వైఫ్ అంతా విని, ఇలాంటివి చూసుకునే మిడ్‌వైఫ్ ఇంకొకరుంటారు, ఆవిడ నీతో మాట్లాడుతుంది, నీకు తెలియకుండా ఏమీ చేయం అందట. తర్వాత మొగుణ్ణి లోపలికి పిలిచి అతనికి ఒక్కటే చెప్పింది. ఈవిడకి విశ్రాంతి కావాలి, అది మందు, మాత్ర లాగే.

అతను వారం తిరక్కుండా ఇల్లు మారాడు. మలయాళీ నర్సు వాళ్ళ చర్చిలో ఒక ముసలి జంట ఇంట్లో గది ఖాళీగా ఉంటే మాట్లాడి పెట్టింది. తరగతిలో పరిచయమైన తల్లులు పిల్ల బట్టలు, తొట్టి, తిండి డబ్బాలు తెచ్చి ఇచ్చారట. ఒకావిడది సోమాలియా, ఒకావిడది పోలండు, ఒకావిడది పంజాబు. మా పిల్ల ఆ దేశాల పేర్లు చెబుతుంటే నేను కువైట్లో ఉన్న నా కూతురికి చెప్పాను, అది అక్కడ కూర్చుని ఏడ్చింది. "నేను చెయ్యాల్సిన పని ఎవరెవరో చేస్తున్నారమ్మా" అని. ఏడవకు, వాళ్ళెవరో కాదు, వాళ్ళంతా నీ బదులు అన్నాను. నాకు అలాంటి మాటలు రావు మామూలుగా.

నెలలు పూర్తిగా నిండకముందే నొప్పులు తెప్పించారు. పిల్ల చిన్నగా పుట్టింది, గట్టిగా ఏడ్చింది. కాన్పు గదిలో పక్కన ఇద్దరు ఉండొచ్చన్నారట. ఒకరు మొగుడు, రెండో వ్యక్తి మలయాళీ నర్సు. అక్కగారు తను వస్తానని ఫోన్ చేస్తే మొగుడు, "ఇద్దరి లెక్కా నిండిపోయిందక్కా" అన్నాడట. ఆ మాట కోసం అతనికి నేను పాత తప్పులు రెండు మాఫీ చేశాను.

ఇక నా వంతు.

పిల్ల పుట్టిన నెలకి అల్లవరంలో అత్తగారు కృతజ్ఞతా కూటం పెట్టింది. షామియానా, కుర్చీలు, పాస్టరుగారు, ఇద్దరు పెద్దలు, రెండు ఊళ్ళ జనం. వెనక దొడ్లో రొయ్యల వేపుడు వాసన. ముందు బల్ల మీద పూల కుండీకి ఆనించి ఫోను పెట్టింది, అందులో లండన్ నుంచి అక్కగారు, పట్టుచీరలో. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి, వాక్యం అయ్యాక, "మా అత్తయ్యగారు సాక్ష్యం చెప్తారండి" అంది. నేనడగలేదు. ఆవిడే పిలిచింది. అది గుర్తుంచుకోవాలి.

లేచాను. పిల్ల ఇప్పుడు వాళ్ళింట్లో లేదు. బిడ్డ క్షేమం. నా నోటికి కట్టిన తాడు తెగిపోయింది.

మెల్లగానే మాట్లాడాను, కేకలు వేయలేదు. అంబాజీపేట వ్యాపారిగారి భార్యకి వందనాలు చెప్పాను. వాళ్ళమ్మాయికి, తెల్లజుట్టు మంత్రసానికి, తెలంగాణా దుబాసీకి, మలయాళీ నర్సుకి, గది ఇచ్చిన ముసలివాళ్ళకి, సోమాలియా ఆవిడకి, పోలండు ఆవిడకి, పంజాబు ఆవిడకి చెప్పాను. ఒక్కొక్కరికీ జనం స్తోత్రం అన్నారు.

"ఈ ఫోన్లో ఉన్న అమ్మాయికి కూడా చెప్పాలండి" అన్నాను. అత్తగారి మొహం వెలిగింది. ఫోన్లో పట్టుచీర సర్దుకుంది. "మా పిల్లని ఐదో నెల దాకా ఏ నర్సుకీ చూపించనివ్వలేదండి ఈవిడ. బిల్లు వేస్తారంది, వీసా పోతుందంది, అవన్నీ అబద్ధాలని తర్వాత తెలిసింది. కడుపులో బిడ్డ కదలడం మానేసిన రోజున, కేకు కోసేదాకా ఆగమంది. మా పిల్ల ఆగలేదు కాబట్టి ఈ కూటం కృతజ్ఞతా కూటం అయిందండి. ఆగుంటే ఇదే షామియానా, ఇవే కుర్చీలు. పాట ఒకటే వేరు. దేవునికి స్తోత్రం."

ఎవరూ స్తోత్రం అనలేదు. వంటవాడి గరిటె మోత వినిపించింది. ఫోన్లో బొమ్మ నల్లగా అయిపోయింది, నెట్టు పోయిందని ఎవరో అన్నారు. నెట్టు పోలేదు.

పాస్టరుగారు గొంతు సవరించుకుని, "అమ్మా, సాక్ష్యంలో పగ కూడదమ్మా" అన్నారు.

"పగ ఇంట్లో పెట్టి వచ్చేనండి. ఇక్కడ చెప్పింది నిజం మట్టుకే" అని కూర్చున్నాను.

అత్తగారు నా దగ్గరికి వచ్చింది. కళ్ళలో నీళ్ళు. "నా ఇంట్లో, నా జనం ముందర... ఇదేటండీ అత్తయ్యగారూ? మీకిది న్యాయమాండీ?"

"మీ ఇంట్లో మా పిల్ల పేరు చెప్పి ఎన్ని స్తోత్రాలు తీసుకున్నారమ్మా? వాటికి ఇది చిల్లర."

భోజనం చేశాను. చాలామంది లేచి వెళ్ళిపోయారు, నేను మాత్రం రొయ్యల వేపుడు రెండుసార్లు వేయించుకున్నాను. పారేస్తే పాపం.

ఇంటికొచ్చాక మనవరాలు ఫోన్ చేసింది. ఒళ్ళో పిల్ల పాలు తాగుతోంది. ఈలోపే వాళ్ళకి కబురు వెళ్ళిపోయింది.

"మొత్తం చెప్పేసేవా అమ్మమ్మా? కేకు సంగతి కూడానా?"

"చెప్పేను."

తిడుతుందేమో అనుకున్నాను. పిల్ల మూతి తుడిచి, భుజం మీద వేసుకుని, వీపు తట్టింది. "అది నేను మొహం మీదే అందామని దాచుకున్నాను. నాకూ కాస్త ఉంచొచ్చుగా."

"ఉన్నదంతా ఒక్క రోజులో ఖర్చు పెట్టే మనిషినా నేను? ఆ పిల్లల బడీ, ఆ బట్టలుతకడం, నిన్ను మేడ మీద గదిలో పెట్టి తాళం చెవి తన దగ్గర ఉంచుకోవడం, అవేవీ ఎత్తలేదు. అవన్నీ నీవే. నీకు తోచినప్పుడు వాడుకో" అన్నాను.